డక్ట్‌లో నుంచి ఫ్లాట్‌కు ఫైబర్ కేబుల్: అసోసియేషన్ కమిటీకి రాసే అనుమతి లేఖపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ హైదరాబాద్‌లో ఉంది. స్టిల్ట్ పార్కింగ్ మీద ఐదు అంతస్తులు, ముప్పై ఫ్లాట్లు. మూడేళ్లు సెక్రటరీగా ఉన్నప్పుడు ఫైబర్ అనుమతి కోసం వచ్చిన లేఖలన్నీ నేనే చదివాను. పదవి దిగాక నా ఫ్లాట్ 402 కోసం అలాంటి లేఖే రాయాల్సి వచ్చింది. ఇవే సందేహాలు మా వాళ్లూ పక్క బిల్డింగుల వాళ్లూ మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## లేఖ రాయడానికి ముందు

నా డబ్బుతో నా ఫ్లాట్‌కు నెట్ పెట్టించుకుంటున్నాను. కమిటీ అనుమతి ఎందుకు?

మీ గుమ్మం లోపల ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ కేబుల్ మీ గుమ్మం దాకా రావాలంటే ప్రహరీ, స్టిల్ట్, డక్ట్, కారిడార్ దాటాలి. ఇవన్నీ ఓనర్లందరి ఉమ్మడి ఆస్తి, వాటి బాగోగులు చూసే బాధ్యత అసోసియేషన్‌ది. రేపు ఆ డక్ట్‌లో నీళ్లు కారినా, ప్లంబర్ పనికి మీ కేబుల్ అడ్డం వచ్చినా ఫోన్ వెళ్లేది సెక్రటరీకే.

నేను కమిటీలో ఉండగా ఇంటర్నెట్ వద్దని ఎవరూ అనలేదు. మా భయమంతా గోడకు పడే రంధ్రాల గురించి, డక్ట్‌లో పెరిగే వైర్ల చిక్కు గురించి, పాడు చేసిన వాళ్లు ఎవరో తెలియకపోవడం గురించి. 'నెట్ కనెక్షన్‌కు అనుమతి ఇవ్వగలరు' అని ఒక్క వాక్యం రాసి ఇస్తే వీటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు. అలాంటి లేఖలను మేమే రెండుసార్లు పక్కన పెట్టాం. కేబుల్ ఏ దారిన వస్తుంది, రంధ్రం ఎవరు పూడుస్తారు అన్నది రాసిన లేఖకు మాత్రం అదే మీటింగ్‌లో సంతకం పెట్టాం.

డక్ట్ గొడవ ఎందుకు? బయట స్తంభం నుంచి బాల్కనీకి లాగేస్తే పోదా?

చాలామంది చేసేది అదే. రెండు రోజుల్లో పని అయిపోతుంది కూడా. కానీ గాలిలో వేలాడే కేబుల్ ఎండకు, గాలికి, కోతులకు, పక్కింటి చెట్టు కొమ్మలకు దొరుకుతుంది. బయటి గోడకు కొట్టిన క్లిప్పుల దగ్గర వాన నీరు దిగుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించినప్పుడు ఇలా వేలాడే లైన్ల మీద ఆధారపడిన ఎన్నో ఇళ్లకు నెట్ ఆగిపోయింది. స్తంభం నుంచి మీ ప్రహరీ దాకా లైన్ ఎలా రావాలన్నది మీ చేతుల్లో లేదు. ప్రహరీ లోపలి దారి మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ఒకసారి డక్ట్‌లో సరిగ్గా వేయిస్తే, రేపు బయటి లైన్ మారినా, స్టిల్ట్‌లో బయటి కేబుల్ వచ్చి చేరే పెట్టె దగ్గర కలిపితే చాలు.

మా బిల్డింగ్‌లో రెండు మూడు డక్ట్‌లు కనిపిస్తున్నాయి. ఏది అడగాలి?

మొదట టీవీ, టెలిఫోన్, ఇంటర్‌కామ్ వైర్లు వెళ్లే డక్ట్ ఉందేమో చూడండి. ఉంటే అదే అడగండి. ఆ వైర్లలో తక్కువ వోల్టేజీయే ఉంటుంది కాబట్టి అభ్యంతరాలు తక్కువ.

అది లేకపోతే ఇక మిగిలేవి కరెంటు డక్ట్, బాత్‌రూమ్ పైపుల డక్ట్. చాలామంది పైపుల డక్టే మేలనుకుంటారు. నాకు మాత్రం అది నచ్చదు. అక్కడ ఎప్పుడూ తడి ఉంటుంది, ఎలుకలు తిరుగుతాయి, పైపు మార్చడానికి వచ్చిన ప్లంబర్ సుత్తి, ఉలితో పని చేస్తాడు. సన్నటి కేబుల్ ఆయన కంటికి ఆనదు. మా రెండో అంతస్తులో ఒక కేబుల్ సరిగ్గా అలాగే తెగింది. కరెంటు డక్ట్ పొడిగా, తలుపుతో, తాళంతో ఉంటుంది. అందులో ఫైబర్ కోసం విడిగా ఒక పీవీసీ పైపు వేయిస్తామని రాస్తే కమిటీకి ఒప్పుకోవడం తేలికవుతుంది.

తాళం చెవి వాచ్‌మన్ దగ్గర తీసుకుని ఒకసారి తలుపు తెరిపించి చూడండి. దేన్నీ ముట్టుకోకండి, ఫోటో తీసుకుంటే చాలు. ఏ మూల ఖాళీ ఉందో తెలుస్తుంది, ఆ ఫోటో లేఖకు జత చేయొచ్చు.

కేబుల్ ఎంత లావు ఉంటుంది? ఎంత పొడవు పడుతుందో ముందే ఎలా చెప్పాలి?

ఇళ్లకు వేసేది డ్రాప్ కేబుల్. పట్టీలా ఉండే ఇండోర్ రకం సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. స్తంభాల మీద లాగే రకానికి పక్కన ఒక స్టీలు తీగ అదనంగా ఉండి 5 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. పాత టీవీ కేబుల్ కంటే సన్నమేనని చెబితే కమిటీలో పెద్దవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

పొడవును టేపుతో కొలవనక్కర్లేదు, అంచనా చాలు. మా ఇంటి లెక్క ఇలా వచ్చింది. ప్రహరీ మూల నుంచి స్టిల్ట్‌లోని పెట్టె దాకా 18 మీటర్లు, పెట్టె నుంచి డక్ట్ దాకా 6. స్టిల్ట్ సీలింగ్ నుంచి నాలుగో అంతస్తు సీలింగ్ వరకు అంతస్తుకు 3 చొప్పున 12. కారిడార్‌లో 7, ఇంట్లో మోడెం దాకా 5. మొత్తం 48, చుట్టి ఉంచడానికి మరో 2 కలిపి 50 మీటర్లు. ఈ లెక్క లేఖలో ఉంటే, రాసినవాళ్లు దారంతా నడిచి చూశారని కమిటీకి తెలుస్తుంది.

నేను అద్దెకు ఉంటున్నాను. లేఖ నేనే రాయొచ్చా?

రాయొచ్చు, కానీ కింద ఓనర్ సంతకం కూడా ఉండాలి. చాలా అసోసియేషన్లలో సభ్యులు ఓనర్లే, ఉమ్మడి ఆస్తిలో వాటా కూడా వాళ్లదే. ఓనర్ గారు వేరే ఊళ్లోనో విదేశంలోనో ఉంటే ఆయన మెయిల్ నుంచి సెక్రటరీకి రెండు వాక్యాలు పంపమనండి. ఇంటి గోడకు పడే రంధ్రానికి కూడా ఆయన ఒప్పుకున్నట్టు అందులో ఉంటే, ఖాళీ చేసే రోజు అడ్వాన్స్ దగ్గర మాట రాదు.

## లేఖ

లేఖలో సరిగ్గా ఏం రాయాలి? నమూనా ఉందా?

నేను ఇచ్చిన లేఖనే, పేర్లు తీసేసి, కింద పెడుతున్నాను. ఒక పేజీ దాటకుండా చూసుకున్నాను.

> అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు,
> ఫ్లాట్ ఓనర్ల సంక్షేమ సంఘం.
>
> విషయం: ఉమ్మడి డక్ట్ ద్వారా ఫ్లాట్ నం. 402కు ఫైబర్ కేబుల్ తెచ్చుకోవడానికి అనుమతి కోరుతూ.
>
> అయ్యా,
>
> ఫ్లాట్ 402కు ఫైబర్ ఇంటర్నెట్ తీసుకోదలిచాను. దీనికోసం ఒకే ఒక్క కేబుల్‌ను ఉమ్మడి స్థలం గుండా తేవడానికి అనుమతి కోరుతున్నాను.
>
> దారి: గేటు పక్క ప్రహరీ మూల నుంచి స్టిల్ట్ సీలింగ్ వెంట మీటర్ల గది గోడ దాకా, అక్కడి నుంచి లిఫ్ట్ పక్కన ఉన్న డక్ట్‌లో నాలుగో అంతస్తుకు, కారిడార్ సీలింగ్ అంచు వెంట నా గుమ్మం పైకి. మొత్తం సుమారు 50 మీటర్లు. గీసిన పటం, డక్ట్ ఫోటో జత చేశాను.
>
> డక్ట్ లోపల కేబుల్ విడి పీవీసీ పైపులో ఉంటుంది. కరెంటు వైర్లకు కట్టరు. డక్ట్‌లో లోహపు తీగ లేని కేబుల్ మాత్రమే వాడతారు.
>
> రంధ్రాలు: కారిడార్ వైపు డక్ట్ గోడకు ఒకటి, నా గుమ్మం పైన ఒకటి. ఒక్కొక్కటి 10 మిల్లీమీటర్లు. శ్లాబుకు, బీముకు, పిల్లర్‌కు రంధ్రం వేయరు. డక్ట్‌లో అంతస్తుల మధ్య ఉన్న సీలు తీయవలసి వస్తే, అదే రోజు మంటను ఆపే సీలెంట్‌తో తిరిగి మూయిస్తాను.
>
> పని సమయం: మీరు చెప్పిన రోజున, ఉదయం 11 నుంచి సాయంత్రం 4 మధ్య. సంఘం ఎలక్ట్రీషియన్ సమక్షంలో. ఆయన కూలీ నేను ఇస్తాను.
>
> పని వల్ల ఉమ్మడి ఆస్తికి నష్టం జరిగితే నా ఖర్చుతో బాగు చేయిస్తాను. కనెక్షన్ మానేస్తే కేబుల్ తీయించి రంధ్రాలు పూడ్పిస్తాను. కేబుల్‌కు ప్రతి అంతస్తులో ఫ్లాట్ నంబరు ట్యాగ్ ఉంటుంది.
>
> దయచేసి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వగలరు.
>
> ఇట్లు,
> (సంతకం, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, తేదీ)

ఇందులో కమిటీ ఎక్కువసేపు ఆగి చదివింది రంధ్రాల పేరాయే. రంధ్రాలు ఎన్ని, ఎక్కడ, ఎంత అన్న మూడూ చెప్పకుండా 'చిన్న రంధ్రం వేస్తారు' అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకుంటారు. అంతస్తుల మధ్య సీలు గురించి రాయడం కూడా ముఖ్యం. ఏ అంతస్తులోనైనా మంట అంటుకుంటే డక్ట్ పొగగొట్టంలా పనిచేసి పొగను పైకి లాగుతుంది. జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం ఇలా కేబుళ్లు, పైపులు దాటే చోట ఖాళీని 120 నిమిషాల పాటు మంటను ఆపగల పదార్థంతో నింపాలి. ఆ సీలు పగలగొట్టి అలాగే వదిలేస్తే నష్టం మీ ఒక్క ఫ్లాట్‌తో ఆగదు.

కంపెనీ వాళ్లు తామే లెటర్ ఇస్తామంటున్నారు. నేను వేరే రాయాలా?

రెండూ ఉండాలి. కంపెనీ లేఖ సాధారణంగా బిల్డింగ్ మొత్తానికి పరికరాలు పెట్టుకునే అనుమతి అడుగుతుంది. అందులో మీ ఫ్లాట్ ఊసు ఉండదు, మరమ్మతు హామీ కూడా ఉండకపోవచ్చు. ప్రైవేటు ఆస్తిలో లైన్ వేయాలంటే కంపెనీ యజమానితోనో, నిర్వహించే వారితోనో ఒప్పందానికి రావాలన్నదే 2023 టెలికమ్యూనికేషన్ చట్టం చెప్పే దారి కాబట్టి ఆ లేఖా అవసరమే. కానీ కమిటీ నమ్మేది బిల్డింగ్‌లో ఉండే మనిషి మాటనే. కంపెనీ లేఖను మీ లేఖకు జత చేయండి.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

మీ మినిట్స్ బుక్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే మీ లేఖ ముప్పై మంది చర్చ అవుతుంది. సెక్రటరీ గారికి కాగితం ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి.

## కమిటీ ముందు

'కరెంటు డక్ట్‌లో వైరు వేస్తే షాక్ కొడుతుంది' అంటున్నారు. ఏం చెప్పాలి?

వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి, అందులో సగం నిజం ఉంది. ఫైబర్ అంటే గాజు పోగు. అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు. గాజులో కరెంటు పారదు. కానీ కేబుల్‌కు బలం కోసం పోగుకు రెండు పక్కలా సన్న తీగలు పెడతారు. కొన్ని రకాల్లో అవి స్టీలువి. స్తంభం మీద లాగే కేబుల్‌కైతే విడిగా ఒక స్టీలు తీగ ఉంటుంది. ఆ స్టీలు కరెంటు వైరుకు తగిలితే ప్రమాదమే.

దీనికి మార్గం కేబుల్ రకంలోనే ఉంది. స్టీలుకు బదులు ఫైబర్‌గ్లాస్ కడ్డీ ఉన్న కేబుల్ దొరుకుతుంది. టెక్నీషియన్లు దాన్ని ఎఫ్‌ఆర్‌పీ అంటారు. స్టిల్ట్‌లోని పెట్టె దగ్గర బయటి కేబుల్‌ను ఆపేసి, అక్కడి నుంచి పైకి ఎఫ్‌ఆర్‌పీ రకం వేయమని అడగాలి. పైతొడుగు కూడా కాలితే దట్టమైన పొగ రాని రకం కావాలి. కేబుల్ మీద LSZH అని అచ్చు వేసి ఉంటుంది. మీటింగ్‌కు వెళ్లేటప్పుడు ఒక జానెడు ముక్క తీసుకెళ్లి చూపించండి. నేను అదే చేశాను. మా ట్రెజరర్ గారు చేత్తో ఒలిచి చూసి, లోపల స్టీలు లేదని తేలాక ఇక మాట్లాడలేదు.

'ఒకరికి ఇస్తే ముప్పై మందీ అడుగుతారు, డక్ట్ నిండిపోతుంది' అంటే?

నేను కమిటీలో ఉన్నప్పుడు నా అభ్యంతరం కూడా ఇదే. ఇది న్యాయమైనదే. ముప్పై కేబుళ్లు స్టిల్ట్ నుంచి పైదాకా విడివిడిగా వేస్తే డక్ట్ తలుపు కూడా పడదు.

ఫైబర్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. స్ప్లిట్టర్ అనే చిన్న పరికరం ఒక పోగులో వచ్చే వెలుగును ఎనిమిది లేదా పదహారు దారులుగా పంచుతుంది. దాన్ని పై అంతస్తుల్లో ఒకచోట పెడితే కింది నుంచి అక్కడి దాకా ఒక్క కేబుల్ చాలు. అక్కడి నుంచి ఫ్లాట్లకు పొట్టి ముక్కలే వెళతాయి. కాబట్టి లేఖలో ఒక వాక్యం చేర్చండి: మీరు వేయించే పీవీసీ పైపు 25 మిల్లీమీటర్లది, అందులో ఒక లాగుడు తాడు వదిలేస్తారు, తర్వాత వచ్చే వాళ్లు అదే పైపు వాడుకోవచ్చు అని. మా లెక్కలో ఆ పైపు ఖర్చు నెల మెయింటెనెన్స్ కంటే తక్కువే పడింది. ఆ పైపు సంఘానికి ఉపయోగపడుతుంది కాబట్టి మీ దరఖాస్తును చూసే తీరే మారుతుంది.

'మాకు ఒక కంపెనీతోనే ఒప్పందం ఉంది, వేరే వాళ్లు రాకూడదు' అంటున్నారు. నిజమేనా?

ఆ ఒప్పందం కాగితం చూపించమని మర్యాదగా అడగండి. తరచుగా అది ఆ కంపెనీ తన పెట్టె పెట్టుకోవడానికి, కరెంటు వాడుకోవడానికి రాసుకున్నదే అయి ఉంటుంది. మిగతా వాళ్లు రాకూడదని అందులో ఉండదు. ఉన్నా సరే, టెలికాం శాఖ యూనిఫైడ్ లైసెన్సు షరతుల్లో, లైన్ వేసే దారి కోసం కంపెనీ ఎవరితోనూ తనకే ప్రత్యేకం అనే ఒప్పందం చేసుకోకూడదని ఉంది. ఈ మాట గొడవ పెట్టుకోవడానికి కాదు, కమిటీకి తెలియజేయడానికి చెప్పండి. ఆ ఒప్పందం మీద సంతకం చేసిన పాత కమిటీకి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

లేఖ ఇచ్చి నెల అయింది, జవాబు లేదు. పని మొదలుపెట్టేయొచ్చా?

వద్దు. మౌనం అనుమతి కాదు. ఒకసారి తాళం పగలగొట్టి వేసిన కేబుల్‌ను మేం తీయించాం. ఆ కుటుంబంతో ఏడాది దాకా సరిగ్గా మాటల్లేవు, నాకు ఇప్పటికీ అది బాధగానే ఉంది.

పాత లేఖ కాపీతో పాటు రెండు వాక్యాల గుర్తు లేఖ ఇవ్వండి. వచ్చే కమిటీ మీటింగ్ ఎజెండాలో పెట్టమని, కుదరదంటే కారణం రాసి ఇవ్వమని అడగండి. కారణం కాగితం మీదికి వస్తే దానికి జవాబు చెప్పొచ్చు. దారి నచ్చకపోతే ఇంకో దారి, పైపు వద్దంటే కేసింగ్ పట్టీ. కమిటీ అసలు కదలకపోతే జనరల్ బాడీ మీటింగ్‌లో పెట్టించండి. అదే అవసరం ఉన్న మరో నలుగురు ఓనర్లు సంతకాలు చేస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం.

## పని జరిగే రోజు

టెక్నీషియన్ వచ్చాడు. నేను దగ్గరుండి ఏం చూడాలి?

మూడు చోట్ల నిలబడితే చాలు.

మొదటిది రంధ్రం వేసేటప్పుడు. కేబుల్‌కు కనెక్టర్ బిగించాక దూర్చాలంటే పెద్ద రంధ్రం కావాలి. కేబుల్‌ను దూర్చి, ఆ తర్వాత ఇంట్లో కనెక్టర్ బిగిస్తే 10 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఈ మాట ముందే చెప్పండి. డ్రిల్ పెట్టే ముందు గోడ అవతల ఏముందో సంఘం ఎలక్ట్రీషియన్‌ను అడగండి. మా కారిడార్‌లో ఒకసారి డ్రిల్ నేరుగా కాలింగ్ బెల్ పైపులోకి దిగి, ఆ అంతస్తులో బెల్లులన్నీ రెండు రోజులు మూగబోయాయి.

రెండోది మూలల దగ్గర. గాజు పోగును మడత పెడితే వెలుగు బయటికి కారిపోతుంది. ఇళ్లకు వాడే మంచి రకం పోగు 10 మిల్లీమీటర్ల వ్యాసార్థం వంపు దాకా తట్టుకుంటుంది కానీ కేబుల్‌ను అంత బిగుతుగా తిప్పకపోవడమే మేలు. మూల దగ్గర టీ గ్లాసు అంచు పట్టేంత గుండ్రంగా తిరగాలి. క్లిప్పును సుత్తితో నొక్కేసినా అదే నష్టం.

మూడోది చివర్లో. రంధ్రం చుట్టూ ఖాళీని, అంతస్తుల మధ్య సీలును మూసేదాకా టెక్నీషియన్‌ను పంపకండి. మూశాక ఫోటో తీసి సెక్రటరీ గారికి పంపండి.

కనెక్షన్ సరిగ్గా వచ్చిందని నాకెలా తెలుస్తుంది?

స్పీడ్ టెస్ట్ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. టెక్నీషియన్ దగ్గర పవర్ మీటర్ ఉంటుంది. మీ ఇంటి చివర ఎంత వెలుగు వస్తోందో అది చూపిస్తుంది. సాధారణంగా -15 నుంచి -25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. వెలుగు తగ్గి -27 దగ్గరికి వెళితే ఇవాళ పనిచేసినా రేపు నెట్ తెగుతూ ఉంటుంది. ఆ అంకెను, తేదీని రాసిపెట్టుకోండి.

## తర్వాత

నెట్ తరచూ పోతోంది. తప్పు డక్ట్‌లోనా, బయటా?

మోడెం మీద LOS అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుగు మీ ఇంటికి చేరడం లేదని అర్థం. పక్క ఫ్లాట్‌లో అదే కంపెనీ కనెక్షన్ బాగుంటే తప్పు మీ ఒక్క కేబుల్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. వాళ్లకూ పోతే బయటి లైన్ చూడాలి.

దీపం మామూలుగానే ఉండి నెట్ ఆగి ఆగి వస్తుంటే పవర్ మళ్లీ కొలిపించండి. మొదటి రోజు -19 ఉండి ఇప్పుడు -26 అయితే ఎక్కడో మడత పడింది లేదా నలిగింది. టెక్నీషియన్ ఎర్ర లేజర్ పెన్ను కేబుల్‌లోకి వేస్తే తెగిన చోట ఎర్రగా మెరుస్తుంది. ఆ పరీక్ష జరిగేటప్పుడు కేబుల్ చివరను కంటికి ఎదురుగా పెట్టుకోకండి. మామూలప్పుడు కూడా వద్దు, లోపలి వెలుగు కంటికి కనిపించదు కానీ ఉంటుంది.

డక్ట్ మళ్లీ తెరవాల్సి వస్తే వాచ్‌మన్‌కు చెప్పి ఊరుకోకుండా సెక్రటరీ గారికి ఒక మెసేజ్ పెట్టండి. పాత అనుమతి లేఖ తేదీ అందులో రాస్తే కొత్త లేఖ అడగరు.

ఇల్లు ఖాళీ చేస్తున్నాను. కేబుల్ అలాగే వదిలేయొచ్చా?

తర్వాత వచ్చేవాళ్లు అదే కంపెనీ తీసుకుంటే పనికొస్తుంది. కాబట్టి ముందు ఓనర్‌ను అడగండి. వద్దంటే మోడెం తిరిగి ఇచ్చే రోజే కేబుల్ తీయమని కంపెనీకి చెప్పండి. వాళ్లు ఇంట్లో ముక్క కోసేసి డక్ట్‌లోది వదిలి వెళుతుంటారు. మా డక్ట్ శుభ్రం చేసిన రోజు ఎవరివో తెలియని పదకొండు కేబుళ్లు బయటపడ్డాయి. ట్యాగ్ లేదు కాబట్టి ఏది పనిచేస్తోందో, ఏది చచ్చిందో తేల్చడానికి ఒక పూట పట్టింది. పైనుంచి కింది దాకా లాగించి, రంధ్రాలను వైట్ సిమెంట్‌తో పూడ్పించి, ఆ సంగతి సెక్రటరీ గారికి ఒక వాక్యంలో రాసి ఇస్తే మీ హామీ అక్కడితో తీరిపోతుంది. డిపాజిట్ కట్టి ఉంటే అదే రోజు వెనక్కి అడగండి.